సంతకం కావాలి, కాగితం వద్దు

లేత పసుపు రంగు గుర్తింపు కార్డు. ఫొటో, పేరు, సభ్యత్వ సంఖ్య అన్నీ కుదురుగానే ఉన్నాయి. కింద సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెల్ల కాగితం ముక్క తెచ్చి అతికించినట్టు ఒక దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. దాని అంచున ఫారం మీది గడి గీత సగం తెగి ఉంటుంది. సహకార సంఘాల కార్డుల్లో, కాలేజీ కార్డుల్లో, ప్రశంసా పత్రాల్లో ఇది మనందరం చూసిందే. కాస్త ఓపిక ఉన్నవాళ్లు ఫొటోషాప్‌లో మ్యాజిక్ వాండ్ తీసుకుని తెలుపు మీద నొక్కి డిలీట్ కొడతారు. ముక్క పోతుంది. కానీ సంతకం చుట్టూ తెల్లటి అంచు మిగిలిపోతుంది, సన్నటి గీతలు మెట్లు మెట్లుగా తేలతాయి.

పనిముట్టు చెడ్డదై ఇలా జరగడం లేదు. దాన్ని మనం అడిగే ప్రశ్నే తేడాగా ఉంది. తెలుపు ఎక్కడుందో వెతికి చెరిపేయమంటున్నాం. అడగాల్సింది వేరే: ఫారంలోని ఒక్కో చుక్కలో సిరా ఎంత ఉంది? దీనికి జవాబు రాబడితే కాగితం సంగతి దానంతట అదే తేలిపోతుంది. ఆ జవాబును ఎలా రాబట్టాలో ఒక ఫారం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

ఒక చేనేత సహకార సంఘం సభ్యులకు కొత్త కార్డులు వేయిస్తోందనుకోండి. సభ్యత్వ ఫారాలు బీరువాలో ఉన్నాయి. ప్రతి ఫారం కింద నల్లటి గీతలతో అచ్చువేసిన ఒక గడి, ఆరు సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్ల ఎత్తు. అందులో నీలం బాల్‌పెన్నుతో సంతకం. సంతకం బుద్ధిగా గడిలో ఉంటే మంచిదే గానీ, ఉండదు. మన సంతకాల తోకలు గడి దాటి బయటికి వస్తాయి, కింది గీతను రెండు మూడు చోట్ల కోస్తాయి. అసలు చిక్కంతా అక్కడే.

స్కానర్‌ను 300 డీపీఐకి, రంగుల్లోకి పెట్టి ఫారాన్ని స్కాన్ చేస్తే ఆ గడి భాగం 709 పిక్సెళ్ల వెడల్పు, 236 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది. మొత్తం లక్షా అరవై ఏడు వేల చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు అంకెలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కోటి 0 నుంచి 255 దాకా. మూడూ సున్నా అయితే కటిక నలుపు, మూడూ 255 అయితే శుద్ధ తెలుపు. కంటికి తెల్లగా కనిపించే కాగితం నిజానికి 255 ఉండదు. పాత ఫారమైతే 238, 236, 228 దగ్గర ఉంటుంది, అంటే కాస్త పసుపు తిరిగిన తెలుపు. బాల్‌పెన్ను గట్టిగా నొక్కిన చోట 62, 78, 150 లాంటి అంకెలు వస్తాయి. చెయ్యి తేలికగా జారిన చోట సిరా పలచబడి అంకెలు పైకి పోతాయి.

ఇక్కడ అందరికీ మొదట తోచేది ఒక హద్దు పెట్టడం. బొమ్మను బూడిద రంగులోకి మార్చి, 128 కన్నా తక్కువున్నది సిరా, ఎక్కువున్నది కాగితం అని తేల్చేయడం. దీన్నే థ్రెషోల్డింగ్ అంటారు. హద్దు 128 దగ్గర పెడితే పలచటి గీతలు ఎగిరిపోతాయి, సంతకం అక్కడక్కడ తెగుతుంది. భయపడి 220కి పెంచితే కాగితం మీది మరకలు, మడత నీడ కూడా సిరాలో చేరిపోతాయి. మధ్యలో ఎక్కడ పెట్టాలో యంత్రమే లెక్కగట్టే పద్ధతిని జపాన్ పరిశోధకుడు నొబుయుకి ఒత్సు 1979లో ప్రచురించారు. ఏ అంకె ఉన్న చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కవేసి, వాటిని రెండు గుంపులుగా ఎక్కడ విడగొడితే ఆ గుంపులు ఒకదానికొకటి బాగా ఎడంగా ఉంటాయో అక్కడ గీత గీస్తుంది. నేటికీ బొమ్మలతో పనిచేసే దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఆయన పేరుతో ఆ బటన్ ఉంటుంది. పుస్తకం పేజీ లాంటి వాటికి చక్కగా పనిచేస్తుంది కూడా. సంతకం గడిలో మాత్రం సిరా పడిన చోటు తరచూ పదో వంతు కూడా ఉండదు. ఒక గుంపు కొండంత, రెండోది గుప్పెడు. అలాంటప్పుడు ఒత్సు లెక్క కాగితం గుంపులోకే జరిగిపోయి, మరకలను సిరా అని చెప్పవచ్చు. కాబట్టి సంతకాలకు ఆ బటన్ నొక్కి ఊరుకోకూడదని నా అభిప్రాయం.

అయినా అసలు లోపం హద్దు ఎక్కడ పెట్టామన్నదానిలో లేదు, ఒక్క హద్దే పెట్టడంలో ఉంది. 300 డీపీఐలో అర మిల్లీమీటరు మందమున్న పెన్ను గీత ఆరు పిక్సెళ్లు. అందులో అటూ ఇటూ ఉన్న రెండు పిక్సెళ్లు సగం సిరా మీద, సగం కాగితం మీద పడతాయి. వాటి రంగు లేత నీలం, మన అంకెల్లో సుమారు 150, 157, 189. గీతలో మూడో వంతు ఇలాంటి సందిగ్ధపు చుక్కలే. వాటిని కాగితమని పారేస్తే గీత మెట్లు మెట్లుగా అవుతుంది. సిరా అని అలాగే ఉంచితే, వాటిలో కలిసి ఉన్న కాగితం తెలుపు కూడా వెంట వస్తుంది. తెల్ల కాగితం మీద అది కనిపించదు. పసుపు కార్డు మీద పెట్టగానే తెల్లటి అంచై బయటపడుతుంది. మ్యాజిక్ వాండ్ వల్ల మిగిలే అంచు ఇదే.

అందుకని రెండు హద్దులు పెడతాం. ఒకటి కాగితం హద్దు: దీనికి పైనున్నదంతా పూర్తిగా కాగితం. రెండోది సిరా హద్దు: దీనికి కిందున్నదంతా పూర్తిగా సిరా. మధ్యలో ఉన్న చుక్కకు దాని వాటా ప్రకారం మార్కులు. మన ఫారానికి కాగితం హద్దు 215, సిరా హద్దు 110 పెట్టామనుకోండి. 150 ఉన్న అంచు చుక్క సంగతి చూద్దాం. 215లోంచి 150 తీస్తే 65. రెండు హద్దుల మధ్య దూరం 105. 65ను 105తో భాగిస్తే 0.619. అంటే ఆ చుక్కలో నూటికి సుమారు 62 పాళ్లు సిరా. ఆ 0.619ను 255తో గుణించి దశాంశాలు వదిలేస్తే 157. ఈ 157 అనే అంకె ఆ చుక్క ఎంత గట్టిగా కనిపించాలో చెబుతుంది. 0 అయితే కనిపించదు, 255 అయితే వెనకున్నది ఏమీ కనిపించదు.

ఇలా లక్షా అరవై ఏడు వేల చుక్కలకూ ఒక్కో అంకె వేస్తే వచ్చేది మాస్క్. లారీల మీద, బస్తాల మీద పేర్లు వేసే రేకు అచ్చు చూశారు కదా, అక్షరం ఆకారం రేకులో ఉంటుంది, రంగు డబ్బాలోంచి వస్తుంది. మాస్క్ కూడా అంతే. సంతకం ఆకారం, దాని గట్టిదనం మాస్క్‌లో ఉంటాయి. రంగు మనం వేరే ఇస్తాం. స్కాన్‌లో వచ్చిన రంగును పూర్తిగా వదిలేసి, బొమ్మంతా ఒకే ముదురు నీలం నింపి, దాని మీద ఈ మాస్క్ వేస్తాం. అంచు చుక్కలో ఇప్పుడు కాగితం తెలుపు లేదు. ఉన్నది ముదురు నీలమే, 62 పాళ్ల గట్టిదనంతో. పసుపు కార్డు మీద పెడితే మిగతా 38 పాళ్లు పసుపు కలుస్తుంది, నీలం కార్డు మీద పెడితే నీలం కలుస్తుంది. తెల్లంచుకు చోటే లేదు.

ఈ మాస్క్‌ను బొమ్మతోపాటే ఒకే ఫైల్లో దాచుకోవాలంటే పీఎన్‌జీ కావాలి. 1996లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సిఫారసుగా వెలువడిన ఈ ఫార్మాట్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలంతోపాటు ఆల్ఫా అనే నాలుగో అంకెకు చోటుంది. మన 157 వెళ్లి కూర్చునేది అక్కడే. మనం రోజూ వాడే జేపెగ్‌లో ఆ నాలుగో గడి లేదు. అంతకు ముందున్న గిఫ్‌లో పారదర్శకత ఉందిగానీ, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నడిమి అంకెలు ఉండవు. కాబట్టి అంచులు మళ్లీ మెట్లే.

రెండు హద్దులూ ఎక్కడ పెట్టాలి? ఊహించనక్కర్లేదు. ఏ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనైనా రంగు చూపించే డ్రాపర్ ఉంటుంది. సంతకం లేని చోట నాలుగైదు చోట్ల, మరక మీద కూడా, పెట్టి చూడండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెకు మరో అయిదారు తగ్గించి కాగితం హద్దు పెట్టండి. తర్వాత సంతకంలో అన్నిటికన్నా పలచటి గీత నడిమధ్యన పెట్టి చూడండి. అక్కడ వచ్చిన అంకె సిరా హద్దు. అంతకన్నా కిందికి పెడితే పలచటి గీతలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఒకే స్కానర్, ఒకే రకం ఫారాలు అయితే ఈ రెండంకెలు కట్ట మొత్తానికి సరిపోవచ్చు. కానీ ఒక్కో సంతకానికీ పెన్ను మారుతుంది కాబట్టి, పది ఫారాలకు ఒకటైనా తీసి చూడటం మంచిది.

ఇంతవరకూ బూడిద రంగు అన్నాను గానీ, నిజానికి ఆ మార్పిడి చేయకపోవడమే మేలు. నీలం సిరాలో ఎరుపు 62, నీలం 150. కాగితంలో రెండూ 230 చుట్టుపక్కల ఉన్నాయి. అంటే నీలం అంకెలు చూస్తే సిరాకూ కాగితానికీ తేడా 78 మాత్రమే, ఎరుపు అంకెలు చూస్తే 176. సిరా ఒకటే, చూసే కన్ను మార్చేసరికి రెట్టింపు స్పష్టత. బూడిద రంగు చేస్తే ఈ మూడూ కలిసిపోయి ఆ లాభం పలచబడుతుంది. కాబట్టి నీలం పెన్ను సంతకానికి ఎరుపు ఛానెల్ ఒక్కటే తీసుకుని దానిమీదే హద్దులు పెట్టాలి. పైన మన లెక్కలో 150 అన్నది కూడా అంచు చుక్కలోని ఎరుపు అంకే.

ఇక గడి గీత. అది నలుపు, ఎరుపు ఛానెల్‌లో అదీ 70 దగ్గర ఉంటుంది, సంతకం కన్నా వేరుగా కనిపించదు. ఇక్కడే రెండో మాస్క్ అవసరం. మూడు రంగుల అంకెలు మళ్లీ చూడండి. కాగితంలో నీలంలోంచి ఎరుపు తీసేస్తే మైనస్ 10. నల్ల గీతలో మూడూ దాదాపు సమానం, తీసేస్తే 2. నీలం సిరాలో 150లోంచి 62 తీస్తే 88. నలుపు, తెలుపు ఒకవైపు పోయాయి, సిరా ఒక్కటే ఇంకోవైపు నిలిచింది. ఈ తేడాకు 35 దగ్గర ఒక హద్దు పెడితే నీలం సిరా పడిన చోటేదో తెలుస్తుంది. దీన్ని చోటు మాస్క్ అందాం. మొదటిదాన్ని సిరా మాస్క్ అందాం. సిరా ఎంతుందో చెప్పేది సిరా మాస్క్, అక్కడ అది ఉండొచ్చో లేదో చెప్పేది చోటు మాస్క్. రెండూ ఒప్పుకున్న చోటే సంతకం.

చోటు మాస్క్‌లో ఒక గండి పడుతుంది. సంతకం తోక గడి గీతను కోసిన చోట రెండు సిరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అక్కడ నలుపే గెలుస్తుంది, తేడా పడిపోతుంది, సంతకం నాలుగు పిక్సెళ్ల మేర తెగుతుంది. దీనికి మందు, చోటు మాస్క్‌లోని ఆకారాలను మూడు పిక్సెళ్లు ఉబ్బించి, మళ్లీ అంతే కుదించడం. ఉబ్బినప్పుడు గండి రెండు వైపుల నుంచీ పూడుతుంది. కుదించినప్పుడు బయటి అంచులు యథాస్థానానికి వస్తాయి, పూడిన గండి మాత్రం పూడే ఉంటుంది. ఇలా చేస్తే సంతకంలోని చిన్న సున్నాలు కూడా పూడిపోతాయి కదా అనే అనుమానం రావచ్చు. పూడతాయి, కానీ చోటు మాస్క్‌లోనే. ఆ సున్నా నడుమ ఉన్నది కాగితం కాబట్టి సిరా మాస్క్ అక్కడ 0 అంటుంది. రెండు మాస్కులు పెట్టుకోవడంలో సుఖం ఇదే. చోటు మాస్క్ కాస్త ఉదారంగా ఉన్నా నష్టం లేదు.

ఇదంతా పైథాన్‌లో, ఓపెన్‌సీవీ లైబ్రరీతో రాస్తే పట్టుమని ఇరవై వరుసలు కూడా కాదు. స్కాన్‌లోంచి గడి భాగాన్ని చుట్టూ కొంచెం ఎక్కువ వదిలి కత్తిరించి `box.png` అని పెట్టుకుంటే చాలు.

```python
import cv2, numpy as np

img = cv2.imread("box.png")
b, g, r = [c.astype(np.int16) for c in cv2.split(img)]

place = ((b - r) > 35).astype(np.uint8) * 255
place = cv2.morphologyEx(place, cv2.MORPH_OPEN, np.ones((2, 2), np.uint8))
k = cv2.getStructuringElement(cv2.MORPH_ELLIPSE, (7, 7))
place = cv2.morphologyEx(place, cv2.MORPH_CLOSE, k)
place = cv2.dilate(place, np.ones((3, 3), np.uint8))

ink = np.clip((215 - r) / (215 - 110), 0, 1)
alpha = (ink * 255).astype(np.uint8)
alpha[place == 0] = 0

out = np.zeros(img.shape[:2] + (4,), np.uint8)
out[:] = (120, 40, 20, 0)
out[:, :, 3] = alpha
cv2.imwrite("sign.png", out)
```

`MORPH_CLOSE` ఉన్న వరుస గండి పూడ్చేది. దాని తర్వాత `dilate` ఒక్క పిక్సెల్ మేర మాస్క్‌ను వెడల్పు చేస్తుంది, ఎందుకంటే అంచు చుక్కల్లో నీలం తేడా పలచబడి కొన్ని బయటే ఉండిపోతాయి. `(120, 40, 20, 0)` అన్నది మనం నింపే ముదురు నీలం. ఓపెన్‌సీవీ రంగులను తలకిందులుగా, నీలం ముందు, ఎరుపు చివర రాస్తుంది కాబట్టి ఆ వరుస.

`MORPH_OPEN` వరుస ఎందుకో చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే తగిలే దెబ్బ చాలామందికి అంతుపట్టదు. ఇప్పుడు ఆఫీసుల్లో ఉండే పలచటి ఫ్లాట్‌బెడ్ స్కానర్లలో చాలావాటి లోపల తెల్ల దీపం ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు ఒకదాని వెనక ఒకటి వెలుగుతూ, ఆరుతూ ఉంటాయి. ఆ మూడూ వెలిగేలోపు స్కానింగ్ పట్టీ ఒక వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. దానితో నల్లటి అడ్డగీతకు ఒక అంచున నీలం ఛాయ, రెండో అంచున ఎర్రటి ఛాయ వస్తాయి. మామూలుగా చూస్తే తెలియదు. 400 శాతానికి పెంచి చూస్తే గడి గీత వెంబడే సన్నటి నీలం దారం కనిపిస్తుంది. మన చోటు మాస్క్ దాన్ని సిరా అనుకుని లోపలికి రానిస్తుంది. ఆ దారం మందం ఒక్క పిక్సెలే, సంతకం గీత మందం ఆరు. కాబట్టి రెండు పిక్సెళ్లకన్నా సన్నగా ఉన్నవాటిని ముందే తీసేస్తే దారం పోతుంది, సంతకం నిలుస్తుంది. 150 డీపీఐలో స్కాన్ చేసిన ఫారాల మీద ఈ ఎత్తు పనిచేయదు. అక్కడ గీతే మూడు పిక్సెళ్లు, పలచటి చోట ఇంకా తక్కువ. దారంతోపాటు సంతకమూ పోతుంది.

కోడ్ జోలికి వెళ్లనివాళ్లు ఉచితంగా దొరికే గింప్‌లో ఒక్కో సంతకాన్ని చేత్తో చేసుకోవచ్చు. ముందు `Layer > Transparency > Add Alpha Channel`. తర్వాత `Colors > Components > Extract Component`లో ఎరుపు ఛానెల్ ఎంచుకోండి. `Colors > Levels`లో ఇన్‌పుట్ నలుపు దగ్గర 110, తెలుపు దగ్గర 215 వేయండి. ఇవి మన రెండు హద్దులే. ఇక `Layer > Mask` కింద లేయర్ మాస్క్ జోడించేటప్పుడు `Grayscale copy of layer` ఎంచుకుని, `Invert mask` టిక్ పెట్టాలి. చివరగా మాస్క్ మీద కాకుండా లేయర్ చిన్నబొమ్మ మీద నొక్కి, దానికి ముదురు నీలం నింపి, పీఎన్‌జీగా ఎగుమతి చేయండి. చోటు మాస్క్ పని ఇక్కడ మీ కంటిది, చేతిది: లేయర్ మాస్క్ మీద నల్ల బ్రష్‌తో గడి గీతను తుడవాలి. పది సంతకాలకు ఇదే సులువు. రెండు వందలైతే చెయ్యి నొప్పి పుడుతుంది.

సంతకం నల్ల పెన్నుతో ఉంటే రంగు తేడా ఎత్తు మొత్తం చచ్చుపడుతుంది. నల్ల గీత, నల్ల సిరా అంకెల్లో ఒకటే. గడి గీత తిన్నగా, పొడుగ్గా ఉంటుంది, సంతకం ఉండదు అనే ఆధారంతో అరవై పిక్సెళ్లకన్నా పొడుగున్న తిన్నటి అడ్డగీతలను వెతికి తీసేయవచ్చు. కానీ మనవాళ్లలో సంతకం కింద రెండు గీతలు తిన్నగా లాగి చుక్కలు పెట్టే అలవాటున్నవారు తక్కువేమీ కాదు. వాళ్ల గీత కూడా గడి గీతతోపాటే పోతుంది. ఇలాంటివాటిని విడిగా తీసి చేత్తో చూసుకోవడమే దారి. కొత్త ఫారం అచ్చు వేయించే అవకాశం ఉంటే మాత్రం ఈ బాధే ఉండదు. ఓఎమ్మార్ జవాబు పత్రాల్లో గళ్లు లేత ఎరుపులోనో గులాబీలోనో ఉండటం చూసి ఉంటారు. ఎరుపు వెలుగులో చూసే యంత్రానికి ఆ గళ్లు కాగితంలో కలిసిపోయి, దిద్దిన మచ్చలు మాత్రమే కనిపిస్తాయి. సంతకం గడిని కూడా అలా లేత ఎరుపులో వేయిస్తే ఎరుపు ఛానెల్‌లో అది దానంతట అదే మాయమవుతుంది. నలుపు పెన్నయినా, నీలం పెన్నయినా ఒక్క సిరా మాస్క్‌తో పని అయిపోతుంది.

స్కాన్ దగ్గరే చెడిపోయే ఫారాలు ఎక్కువ. స్కానర్‌లో నలుపు తెలుపు అనే ఎంపిక పెడితే హద్దు పెట్టే పని స్కానరే తనకు తోచినట్టు చేసేస్తుంది. అంచు చుక్కలు, రంగులు రెండూ పోయాక మనం చేయగలిగింది లేదు, మళ్లీ స్కాన్ చేయాల్సిందే. జేపెగ్‌గా దాచినా నష్టమే, కాకపోతే అది మెల్లగా తెలుస్తుంది. ఫైలు చిన్నది చేయడానికి జేపెగ్ సాధారణంగా వెలుతురును పూర్తి వివరంగా, రంగును సగం వివరంతో దాస్తుంది. మన చోటు మాస్క్ నిలబడేదే రంగు తేడా మీద. జేపెగ్‌లో ఆ తేడా అలుక్కుపోయి, సంతకానికి దగ్గరగా ఉన్న గడి గీత కూడా కాస్త నీలమెక్కుతుంది. స్కాన్ నుంచి చివరిదాకా పీఎన్‌జీ గానీ టిఫ్ గానీ వాడితే ఈ గొడవ లేదు. స్కానర్ లేక ఫోనుతో ఫొటో తీస్తే ఒక మూల వెలుగు, ఇంకో మూల చేతి నీడ పడతాయి, ఒక మూలకు సరిపోయిన కాగితం హద్దు రెండో మూలకు పనికిరాదు. బొమ్మను బాగా మసకబార్చి, అసలు బొమ్మను ఆ మసక బొమ్మతో భాగిస్తే నీడ చాలావరకూ చదునవుతుంది. అయినా వీలుంటే స్కానరే వాడండి.

సంతకం మీద గుండ్రటి ఊదా ముద్ర పడితే ఏ మాస్కూ పూర్తిగా ఆదుకోదు. స్టాంపు ప్యాడ్ ఊదా సిరాలో కూడా నీలం, ఎరుపు కన్నా ఎక్కువే కాబట్టి చోటు మాస్క్ ముద్రను కూడా రానిస్తుంది. సాధారణంగా ముద్ర సిరా పెన్ను సిరా కన్నా పలచగా ఉంటుంది, సిరా హద్దును బాగా బిగిస్తే కొంత విడిపోతుంది, కానీ సంతకంలోని పలచటి గీతలూ దానితో పోతాయి. అలాంటి ఫారం పక్కన పెట్టి తెల్ల కాగితం మీద ఆ సభ్యుడితో మరోసారి సంతకం చేయించుకోవడం ఉత్తమం. వేలిముద్రలున్న ఫారాలను కూడా ఈ కట్టలో కలపకండి. వేలిముద్రలో విలువంతా గీతకూ గీతకూ మధ్య ఉన్న సందులో ఉంది. పైకి పోయిన సిరా హద్దు ఆ సందులను పూడ్చి, ముద్రను ఒక మచ్చగా మారుస్తుంది. దాన్ని స్కాన్‌లో వచ్చినట్టే, తెల్ల గడితో సహా కార్డు మీద వేయడమే సబబు.

తయారైన ఫైలును తెల్ల నేపథ్యం మీద చూస్తే ప్రతిదీ బాగానే కనిపిస్తుంది. ముదురు పసుపు మీద ఒకసారి, నలుపుకు దగ్గరైన రంగు మీద ఒకసారి పెట్టి, 200 శాతానికి పెంచి చూడండి. పసుపు మీద అక్కడక్కడ నీలం చుక్కలు కనిపిస్తే కాగితం హద్దు పైకి పోయిందని, అంచులు గరుకుగా ఉంటే రెండు హద్దులూ మరీ దగ్గరగా ఉన్నాయని అర్థం. ముదురు రంగు మీద తెల్లటి అంచు కనిపిస్తే ఎక్కడో స్కాన్ రంగు మిగిలిపోయింది, కొత్త రంగు నింపడం మరిచారు. కార్డు మీద సంతకం మూడున్నర సెంటీమీటర్ల వెడల్పులో వేస్తే 709 పిక్సెళ్లు సుమారు 514 డీపీఐ అవుతాయి, అచ్చుకు కావలసిన దానికన్నా ఎక్కువే. ప్రింటింగ్ షాపుకు వాట్సాప్‌లో పంపేటప్పుడు మాత్రం ఫొటోగా పంపకండి. అది జేపెగ్‌గా మారి ఆల్ఫా పోతుంది, మళ్లీ మొదటి దీర్ఘచతురస్రమే వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

పెన్‌డ్రైవ్ అన్నాక ఆ ఫైళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇలా తీసిన సంతకం బొమ్మ చట్టం చెప్పే డిజిటల్ సంతకం కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సంతకం అంటే తాళంచెవుల జంటతో, గణితంతో నిర్ధారించుకునేది. బొమ్మకు ఆ విలువ లేదు. కానీ ఏ కాగితం మీదైనా ఏ రంగు మీదైనా అతుకు కనిపించకుండా కూర్చుంటుంది కాబట్టి, మోసగాడికి కాగితం ముక్కతో ఉన్న స్కాన్ కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం. ఒకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని గానీ, అలాంటి గుర్తింపు లక్షణాన్ని గానీ మోసపూరితంగా వాడితే అదే చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. నేరం జరిగాక శిక్ష పడటం వేరు, జరగకుండా చూసుకోవడం వేరు. సంతకం ఎందుకు తీస్తున్నారో సభ్యులకు ముందే చెప్పండి. ప్రింటింగ్ షాపుకు విడి సంతకాలు ఇవ్వకుండా, సంతకం కార్డులో కలిసిపోయిన పీడీఎఫ్ ఇవ్వండి. కార్డులు చేతికి వచ్చి, సరిచూసుకున్న రోజునే ఆ పీఎన్‌జీలన్నీ కంప్యూటర్‌లోంచీ, పెన్‌డ్రైవ్‌లోంచీ తీసేయండి. మళ్లీ కావాలంటే ఫారాలు బీరువాలోనే ఉన్నాయి.